ఖాలా చేతులు, డబ్బా వెనకాల లిస్టు

మా ఖాలా బొటనవేలిని ఫ్యాక్టరీ గేటు కాడి మెషీన్ గుర్తుపట్టడం మానేసింది. పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో గాజు సామాను కడిగే పని ఆమెది. పర్మనెంట్ కాదు, కాంట్రాక్టు. డిసెంబర్ వచ్చేసరికి వేళ్ల కొనలు పగిలి, చర్మం మీద గీతలు చెరిగిపోయాయి. వేలు పెడితే ఎర్ర లైటు, మళ్లీ పెడితే మళ్లీ ఎర్ర లైటు. ఆ నెల నాలుగు హాజరీలు పడలేదు. నాలుగు రోజుల తన్‌ఖా కోత పడింది.

"ఇత్తే బాటలాఁ లాయి బేటా, హాత్ వైసేచ్ హై" అన్నది నాతో. ఇన్ని సీసాలు తెచ్చినా చేతులు అట్లనే ఉన్నాయని ఆమె షికాయత్. అబద్ధం కాదు. వంటింటి తాఖ్‌లో వరసగా ఆరు సీసాలున్నాయి. ఒకదాని మీద బాదం పప్పులు, ఒకదాని మీద జాఫ్రాన్, ఇంకోదాని మీద తేనె కారుతున్న చెంచా. అన్నీ ముఖాలు ఇటు పెట్టి నిలబడ్డాయి. వీపు చూసినవాళ్లు లేరు.

నేను పనిచేసేది అదే బెల్టులో ఇంకో కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో. ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం రోడ్ల మీద తిరిగే లారీల్లో నీలం డ్రమ్ములు చూసే ఉంటారు. ఆ డ్రమ్ము లోపలికి రావాలంటే దాని మీద బొమ్మ ఏముందని ఎవరూ అడగరు. పేరేమిటి, గ్రేడేమిటి, ఎంత ఉంది, అంతే. ఖాలా సీసాలను కూడా అదే నజర్‌తో చూద్దామని, ఒక జుమా రోజు మధ్యాహ్నం ఆరింటినీ నేల మీద వరసగా బోర్లించి కూర్చున్నాం. ఆ రోజు ఆమెకు చెప్పింది ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే ఈ బెల్టులో ఆమె చేతుల్లాంటి చేతులు చాలా ఉన్నాయి.

ముందు చర్మం సంగతి. పై పొరను ఇటుకల గోడ అనుకోండి. చచ్చిన కణాలు ఇటుకలు. వాటి మధ్య ఉండే కొవ్వు సిమెంటు. ఇటుకల లోపల కొంచెం నీళ్లుంటాయి, ఆ నీళ్ల వల్లే చర్మం వంగుతుంది, మడతపడుతుంది, పగలదు. లోపలి నుంచి పైకి నీళ్లు ఎప్పుడూ కొంచెం కొంచెం వస్తూనే ఉంటాయి, గాలిలోకి పోతూనే ఉంటాయి. చెమట కాదు ఇది, కంటికి కనిపించదు. మా ల్యాబ్‌లో లాస్ ఆన్ డ్రయింగ్ అని ఒక టెస్టుంది. పొడిని తూకం వేసి, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర పెట్టి, తీసి మళ్లీ తూకం వేస్తాం. ఎంత తగ్గిందో అంత తేమ పోయినట్టు. చలికాలంలో చేతుల మీద అదే నడుస్తుంది, ఓవెన్ లేకుండా, రాత్రీ పగలూ.

మామూలుగా సిమెంటు ఆ నీళ్లను ఆపుతుంది. కానీ రోజుకు ఇరవై సార్లు సబ్బు తగిలితే సిమెంటు కరిగిపోతుంది. సబ్బుకు కంచంలో జిడ్డు, చర్మంలో జిడ్డు అని ఫరక్ తెలియదు. ఖాలా చేతుల హిసాబ్ వేశాం. డ్యూటీలో కడుగుడు, ఇంట్లో అంట్లు, బట్టలు, పైన ఐదు పూటల వజూ. వజూలో సబ్బు లేదు కాబట్టి అది అసలు దోషి కాదు. కానీ తడిసిన చేయి తుడవకుండా పొడిగాలిలో ఆరడం కూడా ఒక దెబ్బే. ఇక మా జిల్లా చలి తెలిసిందే. రాష్ట్రంలో కనిష్ఠ ఉష్ణోగ్రతల వార్త వస్తే అందులో కోహీర్ పేరు తరచూ ఉంటుంది. చలితో పాటు గాలిలో నమీ పడిపోతుంది. సిమెంటు పోయిన గోడ, పొడిగాలి. పగలక ఏం చేస్తుంది?

ఇప్పుడు క్రీమ్ చేయాల్సిన పని మూడు ముక్కలు. నీళ్లను పట్టుకోవాలి. సందులు నింపి మెత్తబరచాలి. పైన మూత పెట్టాలి. వీటికి ఇంగ్లీషులో హ్యూమెక్టెంట్, ఎమోలియెంట్, అక్లూజివ్ అని పేర్లు. ఖాలాకు ఈ పేర్లు అక్కర్లేదు. ఆమెకు దమ్ బిర్యానీ తెలుసు. గోష్త్‌ను దహీలో నానబెట్టడం, నీళ్లు లోపల నిలవడానికి. నెయ్యి, ముక్క గట్టిపడకుండా మెత్తగా జారడానికి. ఆఖరున దేగ్చీ మూత చుట్టూ తడిపిన పిండి అంటించడం, ఆవిరి బయటికి పోకుండా. దహీ ఎంత మంచిదైనా, నెయ్యి ఎంత పోసినా, మూత తెరిచిపెడితే దమ్ అవుతుందా? "కైసా హోతా?" అన్నది ఖాలా. సగం పాఠం అక్కడే అయిపోయింది.

మిగతా సగం డబ్బా వెనకాల ఉంది. అక్కడ ఇంగ్రీడియెంట్స్ అనే మాట కింద చీమల్లాంటి అక్షరాలుంటాయి. ఆ వరస ఇష్టం వచ్చినట్టు రాసింది కాదు, దానికి ఖానూన్ ఉంది. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం, ఒక శాతం కంటే ఎక్కువున్న ప్రతి సరుకునూ ఎక్కువ నుంచి తక్కువకు, కలిపినప్పటి బరువు లేదా పరిమాణం ప్రకారం వరసగా రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. అంటే ప్రతి లిస్టులో కంటికి కనిపించని ఒక గీత ఉంటుంది. గీతకు పైన వరస నిజం చెబుతుంది. గీతకు కింద ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పదు. కంపెనీ తనకు నచ్చిన పేరును అక్కడ ముందుకు తోయవచ్చు, అది నేరం కాదు.

ఆ గీత ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? గీత గీసి ఇవ్వరు గానీ నిషానీలు ఉంటాయి. క్రీమ్ కుళ్లకుండా వేసే ఫినాక్సీఎథనాల్ అనే సరుకు మామూలుగా ఒక శాతం దాటదు. కాబట్టి ఆ పేరు కనిపించిందంటే, దాని తర్వాత వచ్చేవన్నీ ఒక శాతమో, అంతకు తక్కువో అనుకోవచ్చు. చిక్కదనానికి వేసే కార్బోమర్, జాంథన్ గమ్ కూడా సాధారణంగా అంత తక్కువే వేస్తారు. వీటిలో ఏది ముందు కనబడితే అక్కడ మనసులో ఒక గీత గీసుకోండి. తర్వాత చూడాల్సిందల్లా గీతకు పైనున్న ఐదారు పేర్లు.

ఖాలా సీసాల్లో అన్నింటికంటే ఖరీదైనది బాదం బొమ్మ ఉన్న లోషన్. దాని వెనకాల లిస్టు ఇట్లా ఉంది: వాటర్, గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్, సీటైల్ ఆల్కహాల్, ఫినాక్సీఎథనాల్, పర్ఫ్యూమ్, కార్బోమర్, ట్రైఎథనాలమైన్, ఆమండ్ ఆయిల్, హనీ, జాఫ్రాన్ ఎక్స్‌ట్రాక్ట్.

చదవడం మొదలుపెడదాం. మొదటి పేరు నీళ్లు. లోషన్‌లో సగానికి పైగా నీళ్లే ఉండటం మామూలు విషయం, మోసం కాదు. కానీ చేతికి రాసినప్పుడు తగిలే ఆ చల్లదనం ఈ నీళ్లు ఆవిరైపోతుంటే వచ్చేదే. కొన్ని నిమిషాల్లో అవి పోతాయి. ఉండిపోయేవి తర్వాతి పేర్లు. రెండోది గ్లిజరిన్. ఇది దహీ ఖాతా, నీళ్లను పట్టుకునే జాతి. ఈ జాతిలో సీసాల మీద కనిపించే మిగతా పేర్లు సార్బిటాల్, ప్రొపిలీన్ గ్లైకాల్, యూరియా, సోడియం లాక్టేట్, సోడియం పీసీఏ, సోడియం హయలురోనేట్. వీటిలో యూరియా, లాక్టేట్, పీసీఏ మన చర్మంలో కూడా సహజంగా ఉండేవే.

తర్వాతి మూడు పేర్లు, స్టియరిక్ యాసిడ్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్, సీటైల్ ఆల్కహాల్, నెయ్యి ఖాతా. ఇటుకల సందుల్లో కూర్చుని చేతిని నున్నగా చేస్తాయి. నూనెల పేర్లన్నీ, చివర మిరిస్టేట్, పామిటేట్, స్టియరేట్ అని వచ్చే పేర్లు చాలావరకు ఇందులోకే వస్తాయి. చివర 'ఏట్' అని వినపడితే చాలదు సుమా. సోడియం బెంజోయేట్‌కు కూడా అదే తోక ఉంది, అది కుళ్లకుండా కాపాడే సరుకు. సోడియం లాక్టేట్ నీళ్లను పట్టుకునేది. అందుకే తోక కాదు, ముందున్న మాట చూడాలి. మిరిస్టిక్, పామిటిక్, స్టియరిక్ అన్నీ కొవ్వు ఆమ్లాలు. ఆ మాటలు వినిపిస్తే కొవ్వు సంబంధం ఉందని అర్థం.

ఆ తర్వాత ఫినాక్సీఎథనాల్. గీత వచ్చేసింది. బొమ్మలో ఉన్న బాదం, తేనె, జాఫ్రాన్ మూడూ గీతకు కింద ఉన్నాయి. మూడూ కలిపినా ఎంతో ఉండదు. సువాసన కూడా గీత కిందిదే, కానీ పగిలిన చర్మానికి మంట పుట్టించడానికి ఆ కొంచెం చాలు.

ఇప్పుడు అసలు సవాల్. మూత ఎక్కడ? వెతికాం. లేదు. నీళ్లున్నాయి, నీళ్లను పట్టేది ఉంది, నెయ్యి ఉంది, పిండి అంటించిన మూత లేదు. సీటైల్ ఆల్కహాల్, స్టియరిక్ యాసిడ్ కొంచెం ఆపుతాయి గానీ కడిగే చేతులకు, కోహీర్ గాలికి అది చాలదు. ఆరు సీసాలూ ఇట్లనే తిప్పి చూశాం. ఐదింటిలో కథ ఇదే. బొమ్మలు మారాయి, లిస్టు మారలేదు. ఖాలా ఐదుసార్లు ఒకే సీసా కొన్నది.

సీటైల్ ఆల్కహాల్ అని చదవగానే ఖాలా చేయి వెనక్కి తీసుకుంది. "షరాబ్ డాల్తే క్యా ఇస్మే?" ఈ మసలా మన ఇళ్లలో చాలామందిని ఆపుతుంది, కాబట్టి సాఫ్‌గా చెప్పాలి. రసాయన శాస్త్రంలో ఆల్కహాల్ అనేది ఒక పెద్ద ఖాందాన్ పేరు. గ్లిజరిన్ కూడా ఆ ఖాందాన్ మనిషే. షరాబ్‌లో ఉండేది ఎథనాల్, పల్చటి ద్రవం, మండుతుంది, క్షణంలో ఎగిరిపోతుంది. సీటైల్ ఆల్కహాల్, సెటియరైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్ మూడూ కొవ్వు నుంచి చేసినవి. చేతిలోకి తీసుకుంటే తెల్లటి మైనపు రేకుల్లా ఉంటాయి. నషా ఇవ్వవు, ఎగిరిపోవు, చర్మాన్ని ఎండబెట్టవు. పైగా మెత్తబరుస్తాయి. చర్మాన్ని ఎండబెట్టేది లిస్టులో ఆల్కహాల్ డీనాట్ అనో, ఉత్త ఆల్కహాల్ అనో, ఎథనాల్ అనో కనిపిస్తుంది. అది గీతకు పైన, మొదటి నాలుగైదు పేర్లలో ఉంటే పగిలిన చేతులకు ఆ సీసా పనికిరాదు. షరియత్ సంగతి ఆలిమ్‌లను అడగండి. చర్మం సంగతికి ఈ తేడా చాలు.

గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్ గురించి ఇంకో సవాల్ వస్తుంది, జంతువు కొవ్వా, పామాయిలా అని. రెండింటి నుంచీ చేయవచ్చు. చేసిన తర్వాత పదార్థం ఒకటే, లిస్టులో పేరూ ఒకటే. పేరు చదివి దాని పుట్టుక చెప్పలేం. పచ్చ చుక్క ఉన్న డబ్బా దొరికితే అది శాకాహార సరుకు అని కంపెనీ చెప్తున్నట్టు. అంతకు మించి కావాలంటే కంపెనీనే అడగాలి.

ఆరో సీసా, నిజానికి అది సీసా కాదు, తెల్ల డబ్బా. బొమ్మ లేదు, వాసన లేదు. ఖాలా కొడుకు ఎప్పుడో మెడికల్ షాపు నుంచి తెచ్చాడు. చేతికి జిడ్డుగా ఉందని ఆమె పక్కన పెట్టేసింది. దాని వెనకాల ఇట్లా ఉంది: వాటర్, పెట్రోలేటం, గ్లిజరిన్, సెటియరైల్ ఆల్కహాల్, లిక్విడ్ పారఫిన్, గ్లిసరైల్ స్టియరేట్, డైమెథికోన్, ఫినాక్సీఎథనాల్, కార్బోమర్.

నీళ్ల తర్వాత మొదటి పేరే మూత. పెట్రోలేటం అంటే మనం వాసెలిన్ అని పిలిచే పెట్రోలియం జెల్లీ. మూడోది గ్లిజరిన్, దహీ. నాలుగోది నెయ్యి. ఐదోది మళ్లీ మూత, లిక్విడ్ పారఫిన్, దీన్నే కొన్ని డబ్బాల మీద మినరల్ ఆయిల్ అని, పారఫినమ్ లిక్విడమ్ అని రాస్తారు. డైమెథికోన్ సిలికోన్ జాతి, సగం నెయ్యి, సగం మూత. నీళ్లు పోకుండా పల్చటి పొర వేస్తుంది, చెమటను మాత్రం పూర్తిగా బంద్ చేయదు. మూతల ఖాతాలో మీకు కనిపించే ఇంకొన్ని పేర్లు బీస్ వ్యాక్స్, అంటే తేనెమైనం, లానోలిన్, అంటే గొర్రె ఉన్ని కొవ్వు, మైక్రోక్రిస్టలిన్ వ్యాక్స్. మూడు పనులకూ మనుషులున్నారు, ముగ్గురూ గీతకు పైనే ఉన్నారు. ఖాలా పక్కన పెట్టిన ఆ జిడ్డే ఆమె వెతుకుతున్న దవా.

మూతల్లో పెట్రోలేటంను మించింది దాదాపు లేదు. చర్మ శాస్త్రం పుస్తకాల్లో తరచూ కనిపించే లెక్క ప్రకారం, చర్మం నుంచి పోయే నీళ్లను అది 98 శాతం దాకా ఆపగలదు. మిగతా నూనెలు ఆపేది 20 నుంచి 30 శాతం. ఇది పొర సరిగ్గా పరిచినప్పటి మాట, తుడిచేసుకున్న తర్వాతి మాట కాదు. దీని పుట్టుక కూడా కార్ఖానా పుట్టుకే. అమెరికాలో చమురు బావుల పంపుల కడ్డీలకు పట్టే మైనం లాంటి మడ్డిని అక్కడి కూలీలు తమ గాయాలకు, కాలిన చోట రాసుకునేవాళ్లు. చెసెబ్రో అనే రసాయనవేత్త అది చూసి, శుభ్రం చేసే పద్ధతి కనిపెట్టి, 1872లో వాసెలిన్ పేరుతో పేటెంట్ తీసుకున్నాడు. పని చేసే చేతులు ముందు కనుక్కున్నాయి, డబ్బా తర్వాత వచ్చింది.

అయితే ఉత్త పెట్రోలియం జెల్లీ ఒక్కటే రాస్తే సరిపోదా, ఇంత లిస్టు ఎందుకు అని ఖాలా అడిగింది. మంచి సవాల్. జెల్లీ నీళ్లు ఇవ్వదు. ఉన్న నీళ్లను ఆపుతుంది. ఎండిపోయిన చేతికి రాస్తే ఖాళీ దేగ్చీకి మూత పెట్టినట్టు. తడి చేతికి రాస్తే ఆ తడి లోపలే ఉంటుంది. చేతులు కడిగి, గుడ్డతో అద్ది, ఇంకా నమీ ఉండగానే రాస్తే పది రూపాయల జెల్లీ కూడా బాగా పనిచేస్తుంది.

దీనికి తలకిందులు మన పాత నుస్ఖా, గ్లిజరిన్‌లో గులాబ్ జల్. మా నానీ ప్రతి చలికాలం ఒక చిన్న సీసాలో కలిపి పెట్టేది. ఇప్పుడు లిస్టు చదవడం వచ్చింది కదా, దాన్ని కూడా చదవండి. గులాబ్ జల్ నీళ్లు. గ్లిజరిన్ నీళ్లను పట్టేది. నెయ్యి లేదు, మూత లేదు. గ్లిజరిన్ గాలిలో తేమను లాగుతుంది. వానాకాలం ఒక సాసర్‌లో కొంచెం గ్లిజరిన్ పోసి మూత లేకుండా పెట్టి చూడండి, రెండు మూడు రోజుల్లో పల్చబడుతుంది, గాలిలోని నీళ్లు తాగి. జనవరిలో గాలి దగ్గర ఇవ్వడానికి పెద్దగా ఏమీ ఉండదు. అప్పుడు చేతి మీది గ్లిజరిన్ పట్టుకునేది చర్మం లోపలి నుంచి పైకి వచ్చే నీళ్లనే. పైన మూత లేకపోతే అవి కూడా గాలికే పోతాయి. అందుకే ఆ నుస్ఖా ఆగస్టులో బాగుంటుంది, జనవరిలో రాసిన అరగంటకే చేయి బిగుసుకుంటుంది. నానీ నుస్ఖాను పారేయాల్సిన పని లేదు. దాని మీద కొంచెం జెల్లీ రాస్తే దహీకి మూత దొరికినట్టు.

ఇక వాడకం. పగటి పూట చేతులు కడిగిన ప్రతిసారీ, వజూ తర్వాత, తడి పూర్తిగా ఆరకముందే తెల్ల డబ్బా క్రీమ్. వజూకి ముందు కాదు, తర్వాత. మూత పరిచిన చేతి మీద నీళ్లు పూసల్లా జారిపోతాయి, అదొక చిక్కు. పైగా కడుగుడుతో క్రీమ్ పోతుంది, పైసా కూడా పోతుంది. చూపుడు వేలి మొదటి కణుపు పొడుగున ట్యూబు నుంచి తీసేంత క్రీమ్ సుమారు అర గ్రాము. ఒక చేతికి, ముందూ వెనకా, అది చాలు. రెండు చేతులకు ఒక గ్రాము. రోజుకు ఆరుసార్లంటే ఆరు గ్రాములు. ముప్పై గ్రాముల ట్యూబు ఐదు రోజులు వస్తుంది. అందుకే చిన్న ట్యూబులు కొనేవాళ్లు పొదుపు కోసం బఠానీ గింజంత రాసి, పనిచేయలేదంటారు. గ్రాముకు ఎంత పడుతుందో చూసి పెద్ద డబ్బా కొనాలి. ఇషా తర్వాత, ఇంకే పనీ లేనప్పుడు, తడి చేతులకు మందంగా పెట్రోలియం జెల్లీ రాసి, పాత కాటన్ సాక్సులు చేతులకు తొడుక్కుని పడుకోవడం. మొదటి రాత్రి ఆమె మనవడు చూసి నవ్వి నవ్వి చచ్చాడు.

ఫ్యాక్టరీ పనివాళ్లకు రెండు జాగ్రత్తలు వేరేగా చెప్పాలి. రబ్బరు పాలతో చేసిన లేటెక్స్ గ్లౌజులు వేసుకునే ముందు జెల్లీ, లిక్విడ్ పారఫిన్ రాయకూడదు. అవి లేటెక్స్‌ను బలహీనం చేస్తాయి, గ్లౌజు తెలియకుండానే చిరుగుతుంది, ఆ చిరుగులోంచి లోపలికి పోయేది మీరు కడుగుతున్న రసాయనమే. మందు తయారయ్యే గదుల్లోకి క్రీమ్ రాసుకుని పోవడం ఎలాగూ మనా. కాబట్టి ఫ్యాక్టరీలో కాదు, షిఫ్టు అయ్యాక, ఇంటికొచ్చాక. రెండోది, వేలిముద్ర మెషీన్‌కు జిడ్డు వేలు కూడా పగిలిన వేలంత గుడ్డిదే. తెల్లవారి గేటు దాకా పోయే ముందు వేలి కొన సాఫ్‌గా తుడుచుకోవాలి.

మొదటి వారం మార్పు కనిపించలేదు, మంట మాత్రం తగ్గింది. చర్మం పై పొర పాతది పోయి కొత్తది రావడానికి రెండు వారాలకు అటూ ఇటూ పడుతుంది, మెషీన్‌కు కావాల్సిన గీతలు ఆ పొర మీదే ఉంటాయి. మూడో వారంలో చీలికలు మూసుకున్నాయి. బొటనవేలు ఒక రోజు పడింది, ఒక రోజు పడలేదు. అప్పటికి ఖాలా సూపర్‌వైజర్‌తో గట్టిగా మాట్లాడి, అంతగా పగలని ఉంగరపు వేలిని కూడా మెషీన్‌లో ఎక్కించుకున్నది. పోయిన నాలుగు రోజుల తన్‌ఖా రాలేదు. కొత్త కోత పడలేదు.

లిస్టు చెప్పని సంగతులు కూడా ఉన్నాయి. వరస తెలుస్తుంది గానీ శాతం తెలియదు. రెండో స్థానంలో ఉన్న పెట్రోలేటం ఐదు శాతం కావచ్చు, ఇరవై శాతం కావచ్చు. అక్కడ వేలే తరాజు. రాసిన పది నిమిషాల తర్వాత చేతి మీద రెండు చుక్కలు నీళ్లు వేయండి. పూసలా నిలబడితే మూత ఉంది. పరుచుకుని ఇంకిపోతే లేదు. యూరియా ఉన్న క్రీమ్ మీద తరచూ శాతం ముందు వైపే రాసి ఉంటుంది. పది శాతం వరకు నీళ్లు పట్టే పని ఎక్కువ. అంతకు మించిన కొద్దీ మందపు చర్మాన్ని కరిగించే పని పెరుగుతుంది. అది మడమల ఆనెలకు మంచిది, నెత్తురు కనిపించే చీలిక మీద పెడితే భగ్గున మండుతుంది.

ఇంకో హద్దు కూడా ఉంది. పొడిబారిన చేయి బిగుసుకుంటుంది, పొలుసులు లేస్తాయి, పగులుతుంది. కానీ ఎర్రబడి, దురద పుట్టి, నీటి పొక్కులు లేస్తే, లేదా సెలవు రోజుల్లో తగ్గి డ్యూటీకి పోగానే మళ్లీ లేస్తే, అది ఖుష్కీ కాదు. పనిలో తగిలే ఏదో సరుకు చర్మానికి పడటం లేదు. దానికి ఎంత మంచి మూత పెట్టినా లాభం లేదు, కొన్నిసార్లు లోపల చిక్కిన సరుకు ఇంకా హాని చేస్తుంది. అప్పుడు ఈఎస్ఐ కార్డు తీసుకుని చర్మం డాక్టర్ దగ్గరికి పోవాలి. పనిలో ఏయే రసాయనాలు తగులుతాయో, ఏ గ్లౌజులు ఇస్తున్నారో ఒక కాగితం మీద రాసుకుని పోతే ఇలాజ్ తొందరగా దొరుకుతుంది. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు ముందు అడగాల్సింది, తన్‌ఖాలో ఈఎస్ఐ కోత పడుతుందా లేదా, పడితే కార్డేదీ అని.

ఆఖరుగా ఒక హుషార్. ఇస్నాపూర్ చౌరస్తాలో కిరాణా కొట్టు ముందు దండల్లా వేలాడే చిన్న సాషేలు, చిన్న ట్యూబులు చూస్తుంటారు కదా. వాటి వెనకాల ఈ లిస్టు వెతికితే తరచూ దొరకదు. ద్రవమైతే 60 మిల్లీలీటర్లు, గట్టి సరుకైతే 30 గ్రాముల కంటే చిన్న ప్యాకుల మీద లిస్టు రాయకపోయినా చెల్లుతుందని ఖానూన్‌లోనే మినహాయింపు ఉంది. రోజు కూలీ చేతిలో ఎక్కువగా పడేది ఆ చిన్న ప్యాకే. కాబట్టి సాషే కొనాల్సి వస్తే, అదే సరుకు పెద్ద సీసాను షెల్ఫ్ మీంచి ఒకసారి తీయమనండి. తిప్పండి, గీత కాడి దాకా చదవండి, మూత ఉందో లేదో చూసి పెట్టేయండి. కొట్టువాడు మొహం మాడ్చుకుంటాడు. చదవడానికి పైసా ఖర్చు లేదు.